చెన్నపట్నం రేవు నుండి ఒక అర్ధణా ఉత్తరం



ఈ ప్రత్యేక సంచికలో మిమ్మల్ని 1856వ సంవత్సరం జూలై నెల నాటి చెన్నపట్నం రేవుకు తీసుకొని వెళ్ళదలిచాను. ఆ నెల 1వ తేదీ నుండే దక్షిణ దేశంలో మొదటి రైలు ప్రజల కోసం నడవడం మొదలైంది. ఆ రోజుల్లో రేవులోని సుంకాల కచేరీలో పనిచేసే ఒక తెలుగు కుర్ర గుమాస్తా, నెల్లూరు సీమలో ఉన్న తండ్రిగారికి ఉత్తరం రాస్తే అందులో ఏముంటుంది? ముందుగా ఒక మాట మనవి చేస్తాను. ఈ ఉత్తరం ఏ దస్తరంలోనూ దొరికింది కాదు. ఆనాటి పరిస్థితులను బట్టి నేనే కూర్చాను. అందుకే ఆ గుమాస్తాకు పేరు కూడా పెట్టలేదు. అతని జీతం, అతని ఇంటి సంగతులు ఊహించినవి. రేవు, పడవలు, సుంకాలు, రైలు మాత్రం చరిత్రలో ఉన్నవే.

ఇటువంటి ఉత్తరం రాయగల తెలుగువారు ఆనాడు చెన్నపట్నంలో చాలామంది ఉండేవారు. ఏనుగుల వీరాస్వామయ్య గారు మనకందరికీ తెలిసినవారే. పన్నెండేళ్ళ వయసులోనే కుంఫిణీ కచేరీలో జీతం లేని వాలంటీరుగా చేరి, చివరకు సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. ఆయన 1830 మేలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన కాశీయాత్ర విశేషాలను కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ గారికి రాసి పంపుతూ ఉండేవారు. అవే కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకమయ్యాయి. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో రైలు లేదు. మన గుమాస్తా ఆయన తరువాతి తరంవాడు.

ఇక ఉత్తరం చదవండి.

"మహారాజశ్రీ తండ్రిగారి పాదపద్మములకు కుమారుడు సాష్టాంగ నమస్కారములు చేసి విన్నవించుకొనునది. తమ ఆశీర్వచనము వలన నేను ఇచ్చట క్షేమము. అచ్చటి క్షేమము వ్రాయించవలెను. నల నామ సంవత్సర ఆషాఢ మాసము, ఇంగిలీషు 1856 జూలై నెల.

నా ఉద్యోగము ఏ రీతిగా జరుగుచున్నదో వ్రాయమని తాము సెలవిచ్చినారు. ముత్యాలపేటలో మన బంధువుల ఇంటి అరుగు మీద గది యిచ్చినారు. తెల్లవారకమునుపే స్నాన సంధ్యలు ముగించుకొని, యింత అన్నము తిని, సముద్రపు ఒడ్డు దారిని కచేరీకి నడిచి పోవుదును. అందరికన్న ముందు చూచేది జెండా కొయ్యను. యే ఓడ వచ్చినదీ, సముద్రము యెట్లున్నదీ జెండాలే చెప్పును. పది గంటలకు కచేరీ మొదలు. నాకు జీతము పదిహేను రూపాయలు. నా పని నకళ్ళు వ్రాయుట. ఓడ సరుకు జాబితా రాగానే దానికి నకలు తీయవలెను. మూటల గుర్తులు, అంకెలు తప్పరాదు. ఒక గుర్తు తప్పినయెడల ఒకరి గుడ్డల మూటకు ఇంకొకరు సుంకము కట్టుదురు. ఈకకలము పొద్దున చెక్కుకొన్నది మధ్యాహ్నమునకు మొద్దుబారును. సిరా మీద సన్నని యిసుక చల్లి విదిలించి కాగితము మడుచుదును. యింటికి వచ్చిన తరువాత కూడా వ్రేళ్ళ సందున ఆ యిసుక యుండును."

కచేరీల్లో కార్బన్ కాగితం, టైపు మిషను వాడుకలోకి రాని కాలం అది. ఎన్ని ప్రతులు కావాలో అన్నిసార్లు చేతితో రాయాల్సిందే. కుంఫిణీ ప్రభుత్వం తన వ్యవహారాలన్నిటినీ ప్రతులు తీయించి లండనుకు పంపేది కాబట్టి, రాసేవారి అవసరం ఎక్కువగా ఉండేది. మనలో కంపేరింగ్ సెక్షనులో పనిచేసినవారికి ఈ బాధ చెప్పనక్కరలేదు. ఒకరు చదువుతుంటే మరొకరు సరిచూసే పద్ధతి వెనక ఉన్న భయం ఒక్కటే. అంకె తప్పితే డబ్బు తప్పుతుంది.

సుంకాల కచేరీలో ఆ అంకె ఎక్కడ నుండి ఎక్కడికి పోతుందో చూద్దాం. ఓడ కెప్టెను తన ఓడలో ఏమేమి ఉన్నాయో తెలిపే జాబితా ఇస్తాడు. దీన్ని మానిఫెస్టు అంటారు. సరుకుదారు తన మూటలు ఫలానావని, వాటి విలువ ఇంత అని వేరుగా అర్జీ పెడతాడు. మూటలు ఒడ్డు చేరగానే వాటి గుర్తులను ఈ రెండు కాగితాలతో పోల్చి, విలువ నిర్ణయించి, సుంకం వేస్తారు. ఆనాడు ఇంగ్లండు నుండి వచ్చే నూలు గుడ్డలకు విలువ మీద నూటికి 5 రూపాయలు, నూలుకు నూటికి మూడున్నర రూపాయలు సుంకం. ఇతర దేశాల సరుకుకు అంతకు రెట్టింపు. ఒక మూట గుడ్డల విలువ 400 రూపాయలనుకుంటే ఇంగ్లండు సరుకైతే 20 రూపాయలు, వేరే దేశానిదైతే 40 రూపాయలు. జాబితాలో సరుకు పుట్టిన దేశం పేరు పొరపాటుగా రాస్తే 20 రూపాయల తేడా. అది మన గుమాస్తా నెల జీతం కంటే ఎక్కువ.

దేశం లోపల దారి పొడుగునా ఉండే సుంకం చౌకీలను మద్రాసు రాజధానిలో 1844 చట్టంతో ఎత్తివేశారు. అప్పటి నుండి సుంకపు రాబడికి సముద్రపు ఒడ్డే ముఖ్యస్థానమయింది. మన గుమాస్తా బల్ల దగ్గరకు అన్ని కాగితాలు రావడానికి అది కూడా ఒక కారణం.

అయితే మూటలు ఒడ్డు చేరడం అన్నంత తేలిక కాదు. ఉత్తరంలో తరువాతి భాగం ఆ సంగతే.

"తమరు రేవు అనగా ఓడ వచ్చి గట్టున ఆనుకొనుననుకొందురేమో. ఇచ్చట అట్టిది లేదు. ఓడలు దూరమున సముద్రములోనే లంగరు వేసి యుండును. వాటికిని ఒడ్డుకును నడుమ అలలు గోడవలె లేచి విరుగుచుండును. మొదట కట్టుమరము మీద ఒకడు పోయి, తలపాగలో తడవకుండా దాచిన కాగితము కెప్టెనునకు ఇచ్చి వచ్చును. తరువాత మసూలా పడవలు పోవును. మేకు ఒక్కటి లేదు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టినారు. వెనుక నిలిచిన తండేలు పెద్ద తెడ్డుతో దారి త్రిప్పుచుండగా తెడ్లవాండ్లు కేకలు వేయుచు అల వెంబడి అల దాటింతురు.

నిన్న ఒక పడవ ఒడ్డునకు వచ్చు సమయమున అడ్డము తిరిగినది. మనుష్యులు క్షేమముగా దిగినారు గాని పది మూటలలో నాలుగు తడిసినవి. సరుకుదారు ఓడలోనే తడిసినవనెను. ఓడ మనిషి పడవలో తడిసినవనెను. పడవవాడు రాత్రి వానకు ఒడ్డున తడిసినవనెను. మా పెద్ద గుమాస్తా మూట విప్పించి, తడి గుడ్డను వ్రేలితో తాకి నాలుకకు రాచుకొని ఉప్పు అని చెప్పినాడు. వాన మాట అంతటితో పోయినది. నేను జాబితా ప్రక్కన నాలుగు మూటలు సముద్రపు నీట తడిసినవి అని వ్రాసినాను. ఆ ఒక్క వాక్యము కొరకు ముగ్గురు నా బల్ల చుట్టును సాయంకాలము దాకా నిలిచియుండిరి."

మసూలా పడవకు మేకులు లేకపోవడం పేదరికం వల్ల కాదు. మేకులతో బిగించిన గట్టి పడవ అల మీద నుండి ఇసుక మీద పడితే దెబ్బకు చీలిపోతుంది. తాడుతో కుట్టిన పడవ దెబ్బ తగిలినప్పుడు వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. పలకల సందుల్లో గడ్డి, పీచు కూరి కుడతారు. నీళ్ళు కొంత లోపలికి వస్తూనే ఉంటాయి. వాటిని తోడిపోయడానికి ఒక మనిషి ఉంటాడు. పడవ పొడవు సుమారు 30, 35 అడుగులు. ఐరోపా ఓడల్లోని చిన్న పడవలు ఈ అలల్లో నిలవలేవని కెప్టెన్లందరికీ తెలుసు. అందుకే ఎంత పెద్ద దొర వచ్చినా ఈ పడవలోనే దిగాలి. పడవవాళ్ళు ఇష్టం వచ్చినట్లు అడగకుండా పడవలకు లైసెన్సులు, నంబర్లు, కిరాయి రేట్లు 1840లలో చేసిన చట్టం ప్రకారం ఉండేవి.

తడిసిన మూట సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, రేవు లెక్కల్లో దానికి చాలా విలువ ఉంది. సరుకు ఓడలో పాడైతే ఓడ యజమానిని, దించేటప్పుడు పాడైతే దించినవారిని అడగాలి. సుంకం కూడా చెడిన సరుకుకు పూర్తి విలువ మీద వేయడం న్యాయం కాదు. తరువాత వచ్చిన 1878 నాటి సముద్ర సుంకాల చట్టంలో ఇందుకు ప్రత్యేకంగా నియమాలు పెట్టారు. ఉప్పునీటి తడిని గుర్తించడం కష్టం కాదు. రుచి ఒక గుర్తు. ఆరిన తరువాత గుడ్డ మీద తెల్లని పొర మిగలడం మరొకటి. మబ్బు పట్టిన రోజున ఆరిన గుడ్డ మళ్ళీ చెమ్మగిలడం మూడోది. వాననీటికి ఈ మూడూ ఉండవు.

ఇప్పుడు ఈ పడవల లెక్క చూడండి. ఒక పడవ ఒక్క విడతకు రెండు టన్నుల సరుకు తెస్తుందని మన సౌకర్యం కోసం అనుకుందాం. 500 టన్నుల సరుకు ఉన్న ఓడను ఖాళీ చేయాలంటే 250 విడతలు కావాలి. 25 పడవలు పనిలో ఉంటే ఒక్కొక్కటి పదిసార్లు పోయి రావాలి. సముద్రం పోటు మీద ఉన్న రోజున పడవలు కదలవు. అటువంటప్పుడు ఒడ్డు నుండి జెండాతో సంకేతం ఇచ్చేవారు. తుపాను సూచన ఉంటే ఓడలు లంగరు విడిచి నడిసముద్రంలోకి పారిపోవలసిందే. అక్టోబరు నడిమి నుండి డిసెంబరు నడిమి దాకా ఓడల పెద్దలు ఈ రేవు పేరు చెబితేనే భయపడేవారు. ఒడ్డున దీపస్తంభం ఉంది, 1844 నుండి వెలుగుతోంది. కాని ఆ వెలుగు దారి చూపుతుందే గాని ఓడకు నీడ ఇవ్వదు.

ఈ లెక్క మనసులో పెట్టుకొని ఉత్తరంలోని రైలు భాగం చదవండి.

"ఇక అందరును చెప్పుకొనుచున్న సంగతి. పొగబండి మార్గము తెరచినారు. గవర్నరు హారిస్ ప్రభువుగారు జూన్ 28వ తేదీన రాయపురములో దానిని ఆరంభించినారు. ఆ దినము రాయపురము దారి నిండ జనము. జూలై 1వ తేదీ మొదలు టిక్కెట్టు కొన్నవారినందరినీ ఎక్కించుకొని పోవుచున్నది. రాయపురము నుండి ఆర్కాటు వరకు అరువదియైదు మైళ్ళు. ఎద్దుల బండి మీద నాలుగైదు దినముల దారి. పొగబండి పొద్దున బయలుదేరి ఆ పూటనే చేరుననుచున్నారు.

మా కచేరీలో రెండు పక్షములున్నవి. ఒక పక్షమువారు మన వారెవరును ఎక్కరు, జాతులన్నియు కలిసి ఒక్క బండిలో కూర్చొనుట జరుగదు అనుచున్నారు. రెండవ పక్షమువారు, ఎక్కుదురు గాక, దొరలు తమ డబ్బు పోగొట్టుకొందురు అనుచున్నారు. నేను ఆదివారము నాడు పోయి చూచితిని. మూడవ తరగతి పెట్టెల యెదుట తోపులాట. ఎవరును జాతి అడుగుట లేదు. చోటున్నదా అని మాత్రము అడుగుచున్నారు.

సరుకు బండ్లు కూడ నడచిన పిమ్మట రేవున పని పెరిగి నాకు జీతము హెచ్చునని పెద్ద గుమాస్తా చెప్పినాడు. తమ్ముడు పొగబండి కచేరీలో పని కావలెనని వ్రాసినాడు. ముందు అంకెలు నేర్చుకొమ్మని చెప్పవలెను. నెల్లూరి దారిన ఈ బండి యెప్పుడు వచ్చునని అమ్మగారు అడిగినట్లు వ్రాసినారు. ఎవరిని అడిగినను చెప్పలేకున్నారు. చిత్తగించవలెను."

ఈ బండి మన దేశంలో మూడో మార్గం. బొంబాయి నుండి ఠాణాకు 1853 ఏప్రిల్ 16న, హౌరా నుండి హుగ్లీకి 1854 ఆగస్టు 15న రైళ్ళు మొదలయ్యాయి. ఆర్కాటు అని పేరుపెట్టిన స్టేషను నిజానికి పాలారు నదికి ఇవతల, వాలాజాపేట దగ్గర ఉంది. ఆర్కాటు ఊరికి పోవాలంటే ఏరు దాటాలి. తరువాత ఆ స్టేషనుకు వాలాజా రోడ్డు అనే పేరు వచ్చింది.

కచేరీలోని మొదటి పక్షం మాట నిలవలేదు. అన్ని రైలు కంపెనీలకూ మూడో తరగతి ప్రయాణికులే అత్యధిక సంఖ్యలో వచ్చారు. రెండో పక్షం మాటలో మాత్రం ఒక మెలిక ఉంది. దొరలు డబ్బు పోగొట్టుకొనే ప్రశ్న లేదు. మద్రాసు రైల్వే కంపెనీ ఇంగ్లండులో వాటాలు అమ్మి మూలధనం తెచ్చింది. ఆ మూలధనం మీద ఏటా నూటికి 5 వంతున వడ్డీ ఇప్పిస్తామని కుంఫిణీ ప్రభుత్వం హామీ ఇచ్చింది. రైలు రాబడి అంతకు తక్కువైతే ఆ తక్కువను ఖజానా నుండి పూరించాలి. 100 రూపాయల మూలధనానికి రైలు 3 రూపాయలు సంపాదిస్తే, మిగిలిన 2 రూపాయలు భూమిశిస్తు, ఉప్పు పన్ను, మన గుమాస్తా లెక్క రాసిన సముద్ర సుంకం వంటి రాబడుల నుండి పోవాలి. అంటే నష్టం వస్తే అది పడేది వాటాదారు మీద కాదు, రైలెక్కని రైతు మీద.

పెద్ద గుమాస్తా చెప్పిన మాట, అనగా రైలు వస్తే రేవులో పని పెరుగుతుందన్నది, సబబుగానే ఉంది. రాయపురం స్టేషనును సముద్రానికి దగ్గరగా, వర్తకులుండే నల్లవారి పట్నానికి ఉత్తరాన కట్టారు. లోపలి దేశపు సరుకు తిన్నగా ఒడ్డుకు రావాలని ఉద్దేశం. కాని పడవల లెక్కను మళ్ళీ చూడండి. ఒక గూడ్సు బండి 100 టన్నుల సరుకును ఒక్క పూటలో రాయపురం తెచ్చి పడేస్తే, దాన్ని ఓడకు చేర్చడానికి మళ్ళీ మసూలా పడవలు 50 విడతలు తిరగాలి. 65 మైళ్ళ దారిని ఇనుపపట్టా కుదించింది. ఒడ్డుకు, ఓడకు మధ్య ఉన్న ఆ కొద్ది దూరం మాత్రం వెనకటి లాగే ఉండిపోయింది. రైలు గురించి ఆనాటి దొరల ఉపన్యాసాల కంటే, ఫలానా రోజున ఎన్ని పడవలు దాటాయి, ఎన్ని మూటలు తడిశాయి అనే గుమాస్తా లెక్కే ఈ రేవు బలహీనతను స్పష్టంగా చెబుతుంది. దారి ఎంత మంచిదైనా, అందులో అన్నిటికన్నా ఇరుకైన చోటు ఎంత దాటించగలదో అంతే సరుకు దాటుతుంది.

ఆ ఇరుకును విప్పడానికి పట్టిన కాలం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మొదట 1860ల ఆరంభంలో సముద్రంలోకి ఒక ఇనుప వంతెన లాంటి పైరు కట్టారు. అలలు విరిగే చోటును దాటి అవతల పడవల నుండి సరుకు దించుకోవచ్చు అనుకున్నారు. తరువాతి తుపాన్లలో అది దెబ్బతిన్నది. ఇంగ్లండు యువరాజు 1875 డిసెంబరులో వచ్చినప్పుడు అసలైన హార్బరుకు పునాదిరాయి వేశారు. సముద్రంలోకి రెండు చేతులు చాచినట్లు రాతిగోడలు కట్టి, నడుమ ఓడలకు చోటు చేయాలని పథకం. ఆ గోడలు చాలావరకు లేచిన తరువాత 1881 నవంబరు 12న వచ్చిన తుపాను వాటిని విరగగొట్టింది. మళ్ళీ కట్టి ముగించేసరికి 1890లు సగం గడిచాయి. అప్పటికీ తూర్పువైపు ద్వారం నుండి అలలు లోపలికి వచ్చేవి. ఫ్రాన్సిస్ స్ప్రింగ్ అనే ఇంజనీరు 1904 తరువాత దాన్ని మూయించి, ఈశాన్యం వైపు కొత్త ద్వారం పెట్టించాకనే ఓడలకు నిజమైన నీడ దొరికింది. రైలు వచ్చిన అర్ధ శతాబ్దానికి రేవు వచ్చిందన్నమాట.

ఈ ఆలస్యం ఖరీదు ఏమిటో 1876 నుండి 1878 వరకు వచ్చిన పెద్ద కరువులో తెలిసింది. మనవారు దాన్ని ధాత కరువు అని చెప్పుకునేవారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. అప్పటికి రైలు మార్గం కడప, గుత్తి మీదుగా రాయచూరు చేరింది. 1871లోనే మద్రాసు, బొంబాయి కలిశాయి. బెంగాలు నుండి, బర్మా నుండి ధాన్యం ఓడల్లో మద్రాసుకు వచ్చింది. దాన్ని అలల మీదుగా పడవల్లోనే దించారు. దిగిన బస్తాలను తీసుకొని పోవడానికి రైలు బండ్లు చాలక, సముద్రపు ఒడ్డున కొండల్లా పేర్చారు. 1877లో తీసిన ఛాయాచిత్రాల్లో ఆ బస్తాల గుట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక చివర అలలు, మరొక చివర చాలని బండ్లు. నడుమ ధాన్యం ఉన్నది. ఆకలిగొన్నవారు వందల మైళ్ళ దూరంలో ఉన్నారు. రైలు ఉన్న చోటికి కొంత ధాన్యం చేరింది. స్టేషనుకు దూరంగా ఉన్న పల్లెకు మళ్ళీ ఎద్దుల బండే గతి. ఆ ఎద్దులకు మేత, నీరు కరువైన కాలం అది. పైగా ధాన్యం చేరినా, కొనడానికి కూలివాని చేతిలో డబ్బు లేదు. ఆ సంగతి ఇనుపపట్టా చూసుకోదు, ప్రభుత్వమే చూసుకోవాలి.

హార్బరు కట్టిన తరువాత ఇంకొక విచిత్రం జరిగింది. ఈ తీరం వెంబడి ఇసుక సంవత్సరంలో ఎక్కువ కాలం దక్షిణం నుండి ఉత్తరానికి కొట్టుకొని పోతుంది. రాతిగోడలు దానికి అడ్డం పడ్డాయి. దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా బీచి వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డుకు ఇసుక అందక సముద్రం కోస్తూ వచ్చింది. 1856లో రైలును చూడడానికి జనం నిండిన ఆ రాయపురమే తరువాతి కాలంలో రాళ్ళు పోసి ఒడ్డును కాపాడుకోవలసి వచ్చింది. పాత స్టేషను భవనం మాత్రం నిలిచింది. 2005లో దాన్ని బాగుచేశారు కూడా. మసూలా పడవలవారికి హార్బరు గోడల వెనుక పని తగ్గిపోయింది. కుట్టు పడవలు క్రమంగా చేపల వేటకే మిగిలాయి.

మన గుమాస్తా ఉత్తరం అర్ధణాకే ఊరు చేరుతుంది. 1854 అక్టోబరు 1 నుండి దేశంలో ఎంత దూరమైనా పావు తులం బరువుకు అర్ధణా తపాలా బిళ్ళ చాలు. అంతకు ముందు దూరాన్ని బట్టి రుసుము ఉండేది. పదిహేను రూపాయల జీతగాడు తండ్రికి నెలనెలా ఉత్తరం రాయగలిగాడంటే ఆ మార్పే కారణం. కాని ఆ ఉత్తరాన్ని నెల్లూరికి తెచ్చింది రైలు కాదు. తపాలా జవాను భుజాన సంచి వేసుకొని, వాగులు దాటుకొంటూ, చేతులు మారుస్తూ తెచ్చాడు. మొదటి రైలు పడమటికి, అవతలి సముద్రం వైపుకు పోయింది. తరువాతిది వాయవ్యంగా బొంబాయి దారి పట్టింది. ఓడలు తిరిగే కోస్తాకు రైలు అంత అవసరం లేదని అప్పటి లెక్క.

నెల్లూరికి మొదట 1880లలో తిరుపతి వైపు నుండి చిన్న గేజి బండి వచ్చింది. మద్రాసు నుండి గూడూరు, నెల్లూరు మీదుగా బెజవాడకు పెద్ద గేజి మార్గం తెరచింది 1899లో. నెల్లూరి దారిన బండి ఎప్పుడు వస్తుందని తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు నలభై మూడేళ్ళు. ఇరవై ఏళ్ళ వయసులో ఆ ఉత్తరం రాసిన గుమాస్తా బతికి ఉంటే, ఆ ఏడాదికి ఆయనకు అరవై మూడు. మనలాగే ఉద్యోగ విరమణ చేసి, పింఛను తీసుకొంటూ, చెన్నపట్నం నుండి ఊరికి మొదటిసారి రైల్లో పోయి ఉండేవాడు. ఆయనను పంపించి ఎదురుచూసిన తల్లిదండ్రులు మాత్రం ఆ బండి కూత వినలేదు.